వక్కతోట మెర్క్యురీ దీపం

చచ్చిపోయిన కూతురి దీపాన్ని పొన్నుసామి తన చేత్తోనే ఆర్పేశాడట. ఈ మాట మొదట టీ కొట్టు బల్ల మీద పుట్టిందో, కొళాయి దగ్గర బిందెల వరసలో పుట్టిందో ఎవరికీ తెలియదు. మేట్టుపాళయం దిగువన, వక్కతోటల మధ్య ఉన్న తెలుగు వీధి ఈ కొసనుంచి ఆ కొసకు పాకడానికి మాత్రం దానికి ఒక్క పూట చాలింది.

"ఏడాదైనా తిరగలే. కన్నబిడ్డ దీపం గదా అది! మనిషేనా వాడు?"

"తోటలో పురుగులు పట్టేదానికి ఒక పాప వస్తా ఉండె గదా, ఆ పాప ఏందో చెప్పిందంట. ఈయనకు సదువు తలకెక్కె."

"ఇన్నేండ్లు వక్కచెట్లు ఎక్కినోడికి ఇప్పుడు పురుగుల కాలేజీలో సీటు దొరికె, పో!"

నవ్వారు. నవ్విన వాళ్లే, చనిపోయిన పిల్ల సంగతి గుర్తొచ్చి, నాలుక కరుచుకున్నారు. ఆ తరవాత మళ్లీ అదే మాట ఇంకో ఇంట్లో చెప్పారు.

పొన్నుసామి చెవిన కూడా పడింది. అతను మాటకు మాట అనే మనిషి కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక వక్కచెట్టు కొన నుంచి ఇంకో చెట్టు కొనకు ఊగి పట్టుకుని, కిందికి దిగకుండానే తోట సగం గెలలు కోసేవాడు. ఒకసారి పట్టు జారి తుంటి విరిగింది. అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తూ గోపాలసామి గారి తోటకు కాపలా ఉంటున్నాడు. వక్కలు ఉడకబెట్టే కొట్టంలో పొయ్యి చూసుకుంటాడు. చెట్ల మీద పెరిగినవాడికి నేల మీది మనుషులతో మాటలు తక్కువ.

కూతురు అభినయతో మాత్రం మాట్లాడేవాడు. పిల్లకు చీకటంటే భయం. చిన్నప్పుడు పెరట్లోకి పోవాలంటే నాయన లాంతరు పట్టుకుని ముందు నడవాలి. పెద్దదయ్యి, టౌనులో బట్టల కొట్లో పనికి కుదిరాక కూడా, బస్సు దిగే చోటికి అతను టార్చి తీసుకుని ఎదురుపోయేవాడు.

"నాయనా, నాకు ఇరవై ఏండ్లు వస్తా ఉండాది. అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేవాళ్లు టార్చి పట్టుకుని వస్తారా?"

ఐప్పసి నెల వానల్లో పిల్లకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గినట్టే తగ్గి, చెయ్యీ కాలూ చల్లబడిపోయి, ఆస్పత్రికి చేరేసరికి కళ్లు తేలేసింది. వీధిలో ఆ వానలకు జ్వరం రాని ఇల్లు లేదు. పోయింది మాత్రం అభినయ ఒక్కతే.

ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. వయసు పిల్లలు పోతే, ఏడాది తిరిగి వత్సరం తద్దినం పెట్టేదాకా, పొద్దు వాలగానే ముంగిట్లో దీపం పెడతారు. దీపం దగ్గరకు వచ్చిన రెక్కల పురుగును తోలరు, కొట్టరు. పోయినవాళ్లు అట్లా వచ్చి ఇల్లు చూసుకుని పోతారని నమ్మకం. ఆడవాళ్లు ఆ పురుగును చూసి "వస్తివా తల్లీ" అంటారు. అంతే. ఎక్కువ ఏడవకూడదు, ఏడిస్తే పోయినవాళ్లకు దారి తెలియదట.

పిల్ల పోయిన వారానికి గూట్లో నూనె దీపం దగ్గరకు ఒక పురుగు వచ్చింది. అరచేతి వెడల్పు, మట్టి రంగు, ఒక్కో రెక్క మీద కన్నులాంటి మచ్చ. గోడకు అతుక్కుని కూచుంది. పొన్నుసామి భార్య వెంకటమ్మాళ్ అప్పటికి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. దాన్ని చూసి లేచి కూచుంది.

"మామా, దా చూడు. వచ్చె. పాప వచ్చె."

ఆ రాత్రి ఆమె అన్నం తిన్నది.

పొన్నుసామి అదంతా నమ్మాడా అంటే, నమ్మకమో కాదో అతను ఎప్పుడూ తూచి చూసుకోలేదు. భార్య అన్నం తిన్నది, అది చాలు. కానీ తరవాత గాలివాన పట్టుకుంది. గూట్లో దీపం నిలవడం లేదు, పురుగు రావడం లేదు. వెంకటమ్మాళ్ మళ్లీ గోడకు ఆనుకుని కూచుంది. చీకట్లో పిల్ల ఎట్లా వస్తుంది, దానికి భయం కదా, అని ఒకటే మాట.

అప్పుడు అతను ఒక పని చేశాడు. ఆ పని మంచికే చేశాననుకున్నాడు. గోపాలసామి గారు కొట్టంలో పాత మెర్క్యురీ లైటు తీయించి ఎల్‌ఈడీ పెట్టించారు. పాత బల్బు, దాని చోకూ మూల పడి ఉన్నాయి. అడిగి తెచ్చుకున్నాడు. ముంగిట్లో, రేకుల చూరుకు, మనిషి ఎత్తున కట్టాడు. మీట నొక్కితే మొదట ఊదారంగుగా మినుకుమని, మెల్లగా కాగి, తెల్లటి వెలుగు పరుచుకుంది. సున్నం కొట్టిన గోడ, సిమెంటు ముంగిలి, ఎదురింటి మెట్లు అన్నీ పట్టపగల్లా అయ్యాయి.

"ఇంక ఎంత దూరాన ఉన్నా కనపడుతుంది," అన్నాడు.

కనపడింది. ఒకటి కాదు, వందలు వచ్చాయి. చిన్నవి, పెద్దవి, పసుపువి, బూడిదవి, రెక్కల మీద పొడి రాలుస్తూ బల్బు చుట్టూ తిరిగాయి. ఏటి పక్క అడివి మొత్తం ఆ ముంగిట్లో వాలినట్టు అయింది. వెంకటమ్మాళ్ మెట్టు మీద కూచుని చూసేది. ముఖంలో అంత వెలుగు పొన్నుసామి పిల్ల పోయాక చూడలేదు.

"స్నేహితురాళ్లను పిలుచుకుని వచ్చినాది చూడు మామా. పోనే పోవు. తెల్లారేదాకా తిరుగుతా ఉండాయి. ఇల్లు విడిచి పోయేదానికి మనసు లేదు పాపకు."

పక్కింటి జెబమలర్ మాత్రం రెండో రోజే గోడ మీంచి తల పెట్టింది.

"వెంకటక్కా, నీ బిడ్డ వచ్చేది సరి. మా గంజిలోకి ఎందుకు వస్తా ఉండాది? సాయంత్రం గంజి తాగితే రెక్కలు నోట్లో వస్తా ఉండాయి!"

"గిన్నె మీద మూత పెట్టుకో పిల్లా."

"నా నోటికి మూత పెట్టమంటావు, అంతే గదా," అని జెబమలర్ నవ్వి, తరవాత కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. అభినయకు జడలు వేసి పెంచింది ఆమే.

పొద్దునే వెంకటమ్మాళ్ ముంగిలి ఊడ్చేది. చచ్చిన పురుగులు చేటకు చేటెడు. వాటిని పారేసేది కాదు. మందారం మొదట్లో చిన్న గుంట తీసి పోసి మన్ను కప్పేది. ఎందుకు ఇన్ని చస్తున్నాయని ఆమె అడగలేదు. పొన్నుసామి కూడా అడగలేదు.

మార్గళి నెల చలి తగ్గాక లక్ష్మిప్రియ వచ్చింది. కోయంబత్తూరు పిల్ల, కాలేజీలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. గోపాలసామి గారి తోట కొండకు దగ్గర కనుక అక్కడ రాత్రి పురుగులను చూడడానికి అనుమతి అడిగింది. సాయానికి ఒక మనిషి కావాలంటే ఆయన పొన్నుసామిని చూపించారు. పనల్లా గుంజలు పాతడం, తెల్ల గుడ్డ కట్టడం, జెనరేటరు చూసుకోవడం, చీకటి పడ్డ తొలి జాములో పక్కన ఉండడం. కొత్తలో ఆ పిల్ల మూరెడు పొడవు కెమెరాను బిడ్డలా చంకనేసుకుని రావడం చూసి అతనికి నవ్వొచ్చింది. ఒకటి రెండు రోజుల్లో ఆమె "అన్నా" అని పిలవడం, అతను "అమ్మణీ" అనడం అలవాటైంది. పిల్ల వాగుడుకాయ. అభినయ వయసు కంటే కొంచెం పెద్ద. తన ఇంటి సంగతి పొన్నుసామి ఆమెకు చెప్పలేదు. చెబితే ఆ నోరు మూతపడుతుందని భయం. ఆ మాటలు వినడానికి అతనికి ఇష్టంగా ఉండేది.

"అన్నా, పురుగు దీపం దగ్గరకు ఎందుకు వస్తుంది? చెప్పు చూస్తాం."

"ఆశ. దీపం మీద ఆశ అంటారు పెద్దలు."

"అందరూ అదే అంటారు. ఇంకొందరు వేడికి వస్తుందంటారు. నా పుస్తకాల్లో నిలా కథ, చందమామ కథ ఉండె. నిలాను ఒక పక్క పెట్టుకుని పురుగు నేరుగా పోతుందంట. నిలా దూరం గదా, ఎంత పోయినా అట్లనే పక్కన ఉంటాది. దీపాన్ని నిలా అనుకుంటే, అది దగ్గర గదా, పక్కనే పెట్టుకోను పోయి చుట్టి చుట్టి వస్తుందని."

"అది నిజమే అనిపిస్తా ఉండాది గదా, అమ్మణీ."

"అనిపిస్తుంది. కానీ కొందరు ఇట్లాంటి కెమెరాలు పెట్టి, రెక్క రెక్కా లెక్కగా చూసినారు. పురుగు దీపం వైపుకు ముఖం తిప్పడం లేదు. పక్కన కూడా పెట్టుకోవడం లేదు. దానికి వీపు తిప్పుతా ఉండాది."

"వీపా?"

"వీపే. రాత్రిపూట కూడా భూమి కంటే ఆకాశమే వెలుగు. కోట్ల ఏండ్లుగా వెలుగు ఎటు ఉంటే అటే పైన. వెలుగుకు వీపు పెడితే చాలు, పురుగు నేరుగా ఎగురుతుంది. మనకు కాలి కింద నేల బరువు తెలుస్తుంది గదా, గాల్లో గిరగిర తిరిగే అంత చిన్న ఒంటికి ఆ బరువు సరిగా తెలియదు. వెలుగే గుర్తు. ఇప్పుడు పక్కన దీపం వచ్చె. దానికి వీపు తిప్పితే ఒళ్లు వాలుతుంది. వాలిన ఒంటితో ఎగిరితే దారి వంగుతుంది. వంగి, మళ్లీ వీపు తిప్పి, మళ్లీ వంగి... అట్లా దీపం చుట్టూ తిరుగుతా ఉంటుంది. దీపానికి కిందుగా వస్తే పైకి లేచి లేచి ఆగిపోతుంది. దీపం పైన పోతే ఇంకా పాపం."

"పైన పోతే?"

"చూపిస్తా, దా."

చీకటి చిక్కబడగానే ఆమె తెల్ల గుడ్డను నేల మీద పరిచి, దాని మీద దీపం వెలుగు పడేటట్టు పెట్టింది. గుడ్డంతా కింద నుంచి వెలుగుతున్నట్టు అయింది. తోటలోంచి ఒక బూడిదరంగు పురుగు నేరుగా వచ్చింది. గుడ్డ పైకి రాగానే, ఎవరో చెయ్యి పెట్టి తిప్పినట్టు, గాల్లోనే వెల్లకిలా పడి నేలకు కొట్టుకుంది. ఇంకోటి వచ్చింది. అది కూడా అట్లాగే. లేచి ఎగరబోయి మళ్లీ తిరగబడింది.

"దీనికి ఇప్పుడు నేలే ఆకాశం," అంది లక్ష్మిప్రియ, కెమెరా తెర మీద కళ్లు పెట్టి. "దీపం పిలుస్తా ఉండాదని కాదన్నా. ఏది పైనో తెలియకుండా పోయె."

తరవాత అదే గుడ్డను గుంజల మీద పందిరిలా కట్టి, దీపాన్ని గుడ్డ పైన పెట్టించింది. కింద నిలబడి చూస్తే బల్బు కనపడదు. గుడ్డంతా ఒకటే తెలుపు, వెన్నెల రాత్రి మబ్బులా. పురుగులు ఆ పందిరి కింద ఇటు నుంచి వచ్చి అటు వెళ్లిపోయాయి. ఒక్కటీ తిరగలేదు. ఒక్కటీ పడలేదు.

"చూస్తివా? వెలుగు అంతే ఉండాది. పైన ఉండాది, పరుచుకుని ఉండాది. అందుకే పోతా ఉండాయి. ఉండాలని వాటికి ఏమీ లేదు. దారిని పోయేవి. ఒక్క బల్బు ఉంటే పట్టుకుని విడవదు, తెల్లారేలోపు అలసిపోయి చస్తాయి."

పొన్నుసామి జెనరేటరు పక్కన కూచుండిపోయాడు. మందారం మొదట్లో గుంటలు గుర్తొచ్చాయి.

"అన్ని పురుగులూ ఇంతేనా?" అని అడిగాడు.

"అన్నీ కావు. గన్నేరు చెట్ల మీద పెరిగే పచ్చ పురుగు ఒకటి ఉండాది, పెద్దది. అది దీపం మీదుగా పోయినా తిరగబడదంట. ఎందుకో ఇంకా తెలియదు. ఇంకోటి, దూరం నుంచి అసలు ఎందుకు వస్తాయో, అది కూడా దీంతో తెలిసినట్టు కాదు. దగ్గరకు వచ్చినాక ఎందుకు పోలేకపోతాయో, అంతవరకే."

ఆ మాట అతను ఇంటిదాకా మోసుకొచ్చాడు. వీధి మలుపు తిరగగానే ఇంటి వెలుగు కనపడింది. ఎంత దూరాన ఉన్నా కనపడుతుందని తానే అన్నాడు. ముంగిట్లో మెట్టు మీద వెంకటమ్మాళ్ కూచుని ఉంది. బల్బు చుట్టూ అవి తిరుగుతున్నాయి. ఇన్నాళ్లూ అతను చూసింది తిరగడమే. ఇప్పుడు వీపులు కనపడ్డాయి. ప్రతిదీ బల్బు వైపు వీపు వంచి, వాలి, లేచి, ఆగి, మళ్లీ వాలుతోంది. సిమెంటు మీద వెలుగు పడి తళతళలాడే చోట ఒకటి వెల్లకిలా గింజుకుంటోంది.

అతను తెలుసుకున్నది అతని నమ్మకాన్ని పోగొట్టలేదు. పోగొట్టి ఉంటే మేలు. పురుగు పురుగే అనుకుని పడుకునేవాడు. నమ్మకం అట్లాగే ఉండి దాని పక్కన ఇది వచ్చి కూచుంది. ఇది నా బిడ్డే అయితే, ఇల్లు చూసుకుని పోదామని వచ్చిన బిడ్డను పోనివ్వకుండా గిరగిర తిప్పి, అలిసిపోయేదాకా తిప్పి, పొద్దునే చేటలోకి ఎత్తుతున్నది మేమే కదా. ఆ దీపం కట్టింది నేనే కదా.

చెప్పలేకపోయాడు. చెబితే ఆమె మళ్లీ గోడకు ఆనుకుంటుంది. ఊరుకోనూ లేకపోయాడు. తోటకు పోయి కొట్టంలో పడుకుంటే కళ్లు మూసినా వీపులే. ఇంట్లో ఉంటే మీట దగ్గరకు చెయ్యి పోయేది. చీకటంటే భయం నాయనా, అని పిల్ల గొంతు వినపడేది. చెయ్యి వెనక్కి వచ్చేది.

చివరకు అతనికి ఒక ఉపాయం తట్టింది. దీపం తీయకుండానే పురుగును పోనివ్వొచ్చు, తోటలో చూశాడు కదా. ఒక సాయంత్రం, వెంకటమ్మాళ్ కొళాయికి పోయినప్పుడు, బల్బును ఇంకా పైకి, రేకులకు ఆనించి కట్టాడు. దాని కిందుగా, ముంగిలి పొడుగునా, తన తెల్ల పంచె ఒకటి కట్టి, పక్కలకు ఇంకో పంచె వేలాడదీశాడు. మీట నొక్కాడు. ముంగిలికి ఆకాశం వేసినట్టు అయింది.

వెంకటమ్మాళ్ బిందె దించి పైకి చూసింది.

"ఏంది మామా ఇది, పెండ్లి పందిరా?"

"ఊరికే. కన్ను పోటు పెడతా ఉండాదని."

ఆమె మెట్టు మీద కూచుంది. పురుగులు రావడం మొదలయ్యాయి. పంచె కిందుగా వచ్చాయి, పోయాయి. ఒకటి వచ్చింది, పోయింది. రేకుల సందులోంచి బల్బును వెతుక్కున్నవి కొన్ని ఉన్నాయి గానీ, ముంగిట్లో మాత్రం ఏదీ నిలవలేదు. కన్నుమచ్చల పురుగు కూడా వచ్చింది. ఆమె "వస్తివా" అనే లోపల అటు చివర చీకట్లో కలిసిపోయింది.

ఇంకాసేపు చూసింది. తరవాత లేచి నిలబడింది.

"ఎందుకు నిలవడం లేదు? మామా, ఎందుకు పోతా ఉండాది? నేను ఏం చేస్తిని?"

"నువ్వేం చేయలేదు."

"అయితే నువ్వేం చేస్తివి? చెప్పు! ఆ గుడ్డ ఎందుకు కడితివి?"

అతను చెప్పాడు. పొయ్యి దగ్గర మనిషి, చెట్టు మీది మనిషి, మాటలు కూడబలుక్కుని, నేల మీది గుడ్డ సంగతి, వీపు సంగతి, పందిరి సంగతి చెప్పాడు. ఆమె అంతా విన్నాక ముంగిలి మధ్యకు పోయి పంచెను పట్టి లాగింది. ముడి తెగి గుడ్డ ఆమె భుజాల మీద పడింది. బల్బు బయటపడింది.

రెండు నిమిషాలు పట్టలేదు. మళ్లీ అవన్నీ వచ్చి చుట్టుకున్నాయి. కన్నుమచ్చలది ఎటునుంచో వచ్చి, వాలి, తిరిగి, మళ్లీ తిరిగి, ఆఖరుకు వెల్లకిలా ఆమె కాళ్ల దగ్గర పడింది. వెంకటమ్మాళ్ వంగి చూసింది. రోజూ చూసే చూపు కాదు అది. పురుగు రెక్కలు నేలకేసి కొట్టుకుంటూ అక్కడే గుండ్రంగా తిరుగుతోంది.

"అలిసిపోయె," అంది మెల్లగా. "బస్సు దిగి ఇంటికి వచ్చినప్పుడు అట్లనే పడతా ఉండె పాప, చెప్పు కూడా విడవకుండా."

పొన్నుసామి ఆమె భుజాల మీది పంచె తీసి మడిచాడు.

"మామా. దూరం నుంచి ఎందుకు వస్తాయో చెప్పిందా ఆ పాప?"

"అది తెలియదంట. వచ్చేది ఎందుకో తెలియదంట. పోలేకపోయేది ఎందుకో మాత్రం తెలిసిందంట."

ఆమె తల ఊపింది. "అయితే వచ్చేది దాని ఇష్టం. ఉండేది మన బలవంతం."

తరవాత నీళ్లు కావాలంది. గొంతు ఎండిపోయిందట. అతను కాలు ఈడ్చుకుంటూ పెరట్లోకి పోయి కుండలో చెంబు ముంచాడు. చెంబు పైకి తీస్తుండగా ఇంటి వెనక గోడ మీద పడే తెల్లటి వెలుగు ఒక్కసారిగా పోయింది. అతను అట్లాగే నిలబడిపోయాడు. చెంబు ఒరిగి పాదాల మీద నీళ్లు పడుతున్నా కదల్లేదు. ముంగిట్లోకి వచ్చేసరికి చీకటి. మెట్టు మీద ఆమె ఉందని చీర చప్పుడును బట్టి తెలిసింది. నీళ్లు తాగలేదు.

వీధి ఆ చీకటిని వెంటనే గమనించింది. ఇన్నాళ్లూ గంజిలో రెక్కలని సణిగినవాళ్లే ఇప్పుడు దీపం ఏదని అడిగారు. జెబమలర్ గోడ మీంచి అరిచింది.

"ఏంది అన్నా, దీపం ఆరిపోయిందా, ఆర్పితివా?"

అతను మెట్టు వైపు చూశాడు. వెంకటమ్మాళ్ ముఖం చీకట్లో కనపడలేదు.

"ఆర్పితిని."

"నువ్వా? ఏడాది కాకుండా? పాపకు చీకటంటే భయమని తెలియదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఆర్పితివా!"

"నేనే ఆర్పితిని పో, జెబా. పోయి పడుకో."

అక్కడినుంచి మాట వీధంతా పాకింది. లక్ష్మిప్రియ పని ముగించుకుని సామాను సర్దుకుని వెళ్లేటప్పుడు, "ఏమన్నా, మీ వీధిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంటా ఉండారు?" అని అడిగింది. "ఏమీ లేదమ్మణీ, కొత్త మనిషని," అన్నాడు. ఆమెకు అంతకు మించి తెలియదు. వచ్చే ఏడు మళ్లీ వస్తానంది. అతను కెమెరా పెట్టె మోసి బస్సులో పెట్టి వచ్చాడు.

మెర్క్యురీ బల్బు ఇంకా చూరుకే ఉంది. దాని మీద సాలీడు గూడు కట్టింది. ఆచారం ప్రకారం నూనె దీపం పెడదామా అని అతను ఒకసారి అడిగాడు. వెంకటమ్మాళ్ తల అడ్డంగా ఊపింది. పొద్దు వాలగానే వంట ముగించి మెట్టు మీదకు వచ్చి కూచుంటుంది. అతను పక్కన కూచుంటాడు. వచ్చేది దాని ఇష్టమే అయితే, దీపం లేకపోయినా వస్తుందని ఆమె లెక్క. నోరు తెరిచి అనలేదు, కానీ అతనికి తెలుసు. ఎదురింటి మెట్లు, గోడ, మందారం ఒక్కొక్కటే చీకట్లో కలిసిపోతాయి. గాల్లో ఏవో రెక్కల చప్పుడు అవుతుంది. ఆమె మెడ ఎత్తుతుంది. అది దూరంగా వీధి దీపం వైపు పోతుంది. ఆమె మెడ దించుతుంది. అన్నం చల్లారిపోతుంది. ఇద్దరిలో ఎవరూ లేచి పోరు.

ఏమీ రాలేదు. వత్సరం దగ్గరపడింది, ఇంకా ఏమీ రాలేదు.

టీ కొట్టు దగ్గర ఇప్పటికీ అతను కాలు ఈడ్చుకుంటూ పోతుంటే ఎవరో ఒకరు వెనక నుంచి అంటారు, "అదో, బిడ్డ దీపం ఆర్పినోడు." అతను తిరిగి చూడడు. నిజానికి ఆ సాయంత్రం అతను పెరట్లో ఉన్నాడు, చేతిలో చెంబు ఉంది. దీపం ఆర్పింది వెంకటమ్మాళ్.